బీరువా వెనక పిల్లర్ మీద నీటి చుక్కలు: ఇది లీకేజీయా, చెమటా?

మాధవి_కావలి
అందరికీ నమస్కారం. మాది కావలి, తుమ్మలపెంట రోడ్డు వైపు. ఇల్లు కట్టి మూడేళ్లయింది. కింద అంతస్తులో మా పడగ్గదికి ఏసీ ఉంది. పక్కన మధ్య గదికి లేదు, దాని కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఆ రెండు గదుల మధ్య గోడకు, మధ్య గది వైపు బీరువా పెట్టాం. మొన్న పండక్కి పట్టుచీరలు తీస్తే అంచుల మీద నల్లటి చుక్కలు. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా బూజు, ఒక పట్టీ మీద నీటి చుక్కలు కూడా కనిపించాయి. పోయినేడు కూడా ఇలాగే అయితే లీకేజీ అన్నారు. వాటర్‌ప్రూఫ్ కోటింగు వేయించాం, మళ్లీ మొదటికొచ్చింది. ఆ గోడకు దగ్గర్లో బాత్రూమ్ లేదు, నీళ్ల పైపు కూడా లేదు. పైన మా అత్తగారి గది. నీళ్లు యాడ నుంచి వస్తున్నాయో అర్థం కావడంలేదు.

పాతమేస్త్రి_కందుకూరు
అమ్మా, టెర్రస్ మీద సన్‌షేడ్ దగ్గర పగుళ్లున్నాయేమో చూపించండి. వాన నీళ్లు శ్లాబులోకి దిగితే ఎక్కడో దూరంగా తేలతాయి. కెమికల్ కొట్టి, పైన కూల్ రూఫ్ టైల్స్ వేయిస్తే పోతుంది.

మాధవి_కావలి
మేస్త్రిగారూ, ఇది కింద అంతస్తు అండీ, బయటి గోడ కూడా కాదు. వాన పడక మూడు వారాలైంది.

పాతమేస్త్రి_కందుకూరు
మధ్య గోడా! బయటి గోడ అనుకున్నా. అయితే ఇసుకను అనుమానించండి. మన సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు ఇసుకతో పూత పూస్తే గోడ జన్మలో ఆరదు.

సైట్ఇంజనీర్_ఒంగోలు
మేడమ్, గోడ దేనితో కట్టారు? మందం ఎంత? ఆ తడి పట్టీ ఎంత వెడల్పు ఉంది? ఏసీ ఎంత మీద పెడతారు?

మాధవి_కావలి
తెల్లగా తేలిగ్గా ఉంటాయే, ఆ లైట్ వెయిట్ ఇటుకలు. 8 అంగుళాల గోడ. పట్టీ సుమారు ముప్పావు అడుగు వెడల్పు, నేల నుంచి నిలువుగా పైదాకా ఉంది. చుక్కలు మాత్రం బీరువా వెనకే. పైన శ్లాబు కింద అడ్డంగా కూడా కొంచెం మరక ఉంది. ఏసీ మా ఆయన ఉక్కపోత తట్టుకోలేక రాత్రంతా 20 మీద పెడతారు.

ఉక్కపోత
మాధవిగారూ, మీరు చెప్పిన ఆ ఆకారమే సగం జవాబు. నిలువు పట్టీ, పైన అడ్డం మరక. గోడలో దాగిన పిల్లర్, దాని మీది బీమ్ ఎలా ఉంటాయో మరక అలాగే పడింది. లీకేజీ అయితే ఇంత గీత గీసినట్టు రాదు, మేఘం ఆకారంలో పాకుతుంది.

(నాది సింగరాయకొండ. చెన్నైలో ఏసీ డిజైన్ల పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను.)

చల్లటి మజ్జిగ గ్లాసుకు బయట నీళ్లు పట్టినట్టే ఇది. మీ మధ్య గదిలో ఉన్న గాలికి, పిల్లరు చల్లటి గ్లాసు. తెల్ల ఇటుక వేడిని చాలా నిదానంగా పోనిస్తుంది. కాంక్రీటు దానికి ఎనిమిది తొమ్మిది రెట్లు ధారాళంగా పోనిస్తుంది. కాబట్టి మీ పడగ్గది చల్లదనం గోడలో మిగతా చోట్ల ఆగి, పిల్లర్ గుండా మాత్రం ఇవతలికి వచ్చేస్తుంది. థర్మల్ బ్రిడ్జ్ అంటారు మా వాళ్లు. చలిదేశాల్లో దానివల్ల గది లోపలి వైపు తడుస్తుంది. మన దగ్గర ఏసీ లేని వైపు తడుస్తుంది. అందుకే ఏసీ గదిలో వెతికితే ఏమీ దొరకదు.

సైట్ఇంజనీర్_ఒంగోలు
సార్, లెక్క వేసి చూశాను, చెమట అంత సులువుగా రాదు. మధ్య గది 31 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుందాం. డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీరుగా మారే వేడి, 27.1 వస్తుంది. పిల్లరు 230 మి.మీ. కాంక్రీటు, రెండు వైపులా 12 మి.మీ. పూత, రెండు వైపులా గాలి పొర 0.13 చొప్పున తీసుకుంటే వేడిని ఆపే మొత్తం నిరోధం 0.44. పక్క గది 20.

```
T = 31 − (31 − 20) × 0.13 / 0.44 = 27.75
```

27.75 అంటే డ్యూ పాయింట్ కంటే పైనే ఉంది. కాబట్టి నీళ్లు పట్టకూడదు. నా అభిప్రాయం ఇది లోపలి చెమ్మే, పిల్లరు పునాది నుంచి పైకి పీలుస్తోంది.

ఉక్కపోత
లెక్క తప్పు లేదు తమ్ముడూ. కానీ నువ్వు లెక్కేసింది ఖాళీ గోడకి. ఆవిడ గోడకు ఏం ఆనుకుని ఉందో మరిచిపోయావు.

ఆ 0.13 అనేది గదిలో గాలి కదులుతూ, ఎదుటి గోడల వేడి తగులుతూ ఉన్నప్పటి అంకె. బీరువా పెడితే దాని వెనక గాలి కదలదు, గది వేడి ఆ గోడను తాకదు. అక్కడ ఆ అంకె 0.25 దాకా పోతుంది. ఇప్పుడు మళ్లీ వెయ్యి:

```
T = 31 − (31 − 20) × 0.25 / 0.56 = 26.1
```

గది వేడి అందకపోవడంతో పిల్లరు ఇంకో డిగ్రీన్నర చల్లబడింది. గాలిలో తేమ మాత్రం బీరువా వెనక్కి కూడా నిక్షేపంగా పోతుంది. 26.1 అంటే డ్యూ పాయింట్‌కి ఒక డిగ్రీ కింద. చుక్కలు అక్కడే ఎందుకు పట్టాయో, బీరువా పైన ఉన్న గోడకు ఎందుకు పట్టలేదో ఇది చెబుతుంది.

ఇంకో మాట. బూజుకు చుక్కలు అక్కర్లేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే చాలు, మొలుస్తుంది. నువ్వు 27.75 అని వదిలేసిన చోట తేమ 97 శాతం. కాబట్టి 'డ్యూ పాయింట్ కంటే పైన ఉంది, క్షేమం' అనుకోకూడదు.

సైట్ఇంజనీర్_ఒంగోలు
బీరువా సంగతి నిజమే సార్, తట్టలేదు. కానీ ఇది కూడా అంచనానే కదా. 0.25 మీరు ఎలా పట్టుకున్నారు?

ఉక్కపోత
అంచనానే. నేను కూడా దాని మీద ఒట్టు పెట్టను. సందు ఎంత, బీరువా కాళ్ల ఎత్తు ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. పైగా మన ఇద్దరి లెక్కా ఒకే దిశలో వేడి పోతుందని అనుకుంది. నిజంలో పిల్లరు పక్కనున్న ఇటుకల నుంచి కూడా కొంత వేడి లాక్కుంటుంది. అందువల్ల పిల్లరు మధ్యలో మన లెక్కకంటే కాస్త వెచ్చగా, పిల్లరును ఆనుకున్న ఇటుక అంచు కాస్త చల్లగా ఉంటుంది. అది తేల్చాలంటే THERM లాంటి ప్రోగ్రామ్‌లో గీసుకోవాలి. ఒక ఇంటి గోడకు అంత అక్కర్లేదు, కొలిస్తే సరిపోతుంది.

మాధవిగారూ, గోడ మీద గురిపెడితే వేడి చూపించే గన్ థర్మామీటర్, గది తేమ చూపించే చిన్న మీటర్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. తెల్లవారుజామున 4 గంటలకు ఏసీ నడుస్తుండగానే మూడు చోట్ల కొలవండి: ఇటుక మీద, బీరువా పైన ఖాళీగా ఉన్న పిల్లర్ మీద, బీరువా వెనక. మధ్యాహ్నం కొలిస్తే ఏమీ దొరకదు. మన వైపు పగలు పడమటి గాలి పొడిగా కొడుతుంది, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాకే తేమ పెరుగుతుంది. గోడకు జానెడు దూరం నుంచి గురిపెట్టండి, రంగు మెరుస్తుంటే ఆ చోట కాగితపు టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

ఇంకొకటి కూడా చేయండి. వంటింటి అల్యూమినియం రేకు అడుగు ముక్క తీసుకుని, పిల్లర్ మీద నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి, ముందు బీరువా పెట్టేయండి. మర్నాడు రేకు మీద మన వైపు తడి ఉంటే గాలి నుంచి వచ్చినట్టు. రేకు విప్పాక వెనక తడి ఉంటే గోడలోంచి వచ్చినట్టు.

సుజాత_మైపాడు
అయ్యో, మాకూ ఇట్టాంటిదే! మాకు గోడ కాదు, పైఅంతస్తు నేల. కింద మా తమ్ముడి ఏసీ గది, సరిగ్గా దాని మీద మా హాలు. పొద్దున్నే టైల్స్ మీద కాలు పెడితే తడి, పిల్లలు జారిపడుతున్నారు. తుడిచినా అరగంటకే మళ్లీ. తమ్ముడితో పైపు పగిలిందని పెద్ద గొడవ కూడా అయింది. అదీ ఇదేనా?

ఉక్కపోత
అదే అమ్మా. 5 అంగుళాల శ్లాబు అంటే మాధవిగారి పిల్లర్ కంటే పల్చటి కాంక్రీటు. కింద చల్లదనం ఇంకా తేలిగ్గా పైకి వస్తుంది. మీ తమ్ముడు నాలుగు రాత్రులు ఏసీ వేయకుండా ఉంటే టైల్స్ పొడిగా ఉంటాయో లేదో చూడండి. గొడవ అక్కడ తేలుతుంది.

సుజాత_మైపాడు
నాలుగు రాత్రులు ఏసీ లేకుండా వాడు ఉంటే ఇంక కావాల్సిందేముంది సార్. ఒక రాత్రికి ఒప్పిస్తాను.

మాధవి_కావలి
రెండు రోజులు కొలిచి చూశాను. మా చెల్లెలి కొడుకు ల్యాబ్ నుంచి గన్ తెచ్చిచ్చాడు. పొద్దున 4:10కి మధ్య గది 30.8 డిగ్రీలు, తేమ 81. ఇటుక మీద 29.8. బీరువా పైన పిల్లర్ మీద 27.9. బీరువా కొద్దిగా జరిపి వెంటనే కొలిస్తే వెనక 26.3. రేకు మీద మన వైపు చెమట పట్టింది, వేలితో గీస్తే గీత పడింది. రేకు వెనక పైన రెండు చోట్లా పొడిగానే ఉంది. కానీ నేల దగ్గర అతికించిన ముక్క వెనక కొంచెం తడిగా ఉంది. అది నాకు అర్థం కాలేదు.

ఉక్కపోత
చాలా బాగా కొలిచారు. 30.8కి 81 శాతం అంటే డ్యూ పాయింట్ 27.1, 27.2 మధ్య. మీ 26.3 దానికి కింద ఉంది. 27.9 పైన ఉంది. పెద్ద మరక సంగతి తేలిపోయినట్టే. నేల దగ్గరిది వేరే కథ, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

సైట్ఇంజనీర్_ఒంగోలు
ఒప్పుకున్నాను. మేడమ్, అయితే పరిష్కారం సులువే. మధ్య గది వైపు, తడి ఎక్కడ వస్తోందో అక్కడే, పిల్లర్ మీద అంగుళం థర్మోకోల్ షీటు అంటించండి. మీద ప్లైవుడ్ కొట్టేయండి. చల్లటి కాంక్రీటు గదికి కనపడదు. నేను చూసిన విదేశీ వీడియోల్లో గది లోపలి వైపు ప్లాస్టిక్ షీటు కూడా వేస్తారు, ఆవిరి గోడలోకి పోకుండా. ఏసీ గది వైపు అదీ వేయించండి.

ఐస్‌గది_నెల్లూరు
ఆగన్నా ఆగు! ఆ ప్లాస్టిక్ మాత్రం వేయించబాకండి మేడమ్.

నేను రొయ్యల ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ చూస్తాను. లోపల మైనస్ 18. ఆవిరి ఎప్పుడూ వెచ్చటి తేమ ఉన్న వైపు నుంచి చల్లటి వైపుకి పోతుంది. ఆ వీడియోలు మంచు పడే దేశాలవి, అక్కడ వెచ్చదనం ఇంట్లో ఉంటుంది, అందుకే అడ్డు లోపలి వైపు వేస్తారు. మనకు వెచ్చదనం బయట. అడ్డు బయటి వైపే ఉండాలి. మా దగ్గర ఒక పాత గదికి ఎవరో చలి వైపు అడ్డు వేసి, బయటి వైపు జాయింట్లు సరిగా మూయలేదు. రెండేళ్లకి ప్యానెల్ బరువెక్కి వంగింది. కోసి చూస్తే లోపలి ఫోమ్ నిండా మంచుగడ్డ.

ఇళ్లలోనూ చూశాను. ఏసీ గదిలో బయటి గోడకు వినైల్ వాల్‌పేపర్ అంటిస్తారు. అది కూడా చలి వైపు ప్లాస్టిక్కే కదా. ఏడాది తర్వాత అంచు లాగితే వెనకంతా నలుపు, గులాబీ మచ్చలు. బయటి తేమ ఇటుకలోంచి వచ్చి ఆ చల్లటి ప్లాస్టిక్ దగ్గర ఇరుక్కుపోతుంది.

సైట్ఇంజనీర్_ఒంగోలు
ప్లాస్టిక్ సంగతి సరే, తిప్పి ఆలోచించాలి అన్నమాట. థర్మోకోల్ మాత్రం మధ్య గది వైపే వేయాలి కదా? వెచ్చటి వైపు అన్నారుగా మీరే.

ఐస్‌గది_నెల్లూరు
మా ప్యానెళ్లకైతే అంతే. గాలి దూరే సందు లేకుండా సీలు చేస్తాం కాబట్టి చెల్లుతుంది.

ఉక్కపోత
అసలు కిటుకు అదే. మధ్య గది వైపు అంగుళం థర్మోకోల్ వేస్తే, దాని వెనక పిల్లర్ ముఖానికి ఇక గది వేడి అందదు. ఇప్పుడు 27.9 ఉన్నది సుమారు 23కి పడిపోతుంది. మన వడ్రంగి నాలుగు చోట్ల ఫెవికాల్ ముద్దలు పెట్టి షీటు అంటిస్తాడు. ముద్దల మధ్య సందులోకి తేమ గాలి దూరుతుంది. 27 దగ్గర నీరయ్యే గాలి 23 డిగ్రీల గోడను తాకితే ఏమవుతుంది? ఇప్పటికంటే ఎక్కువ నీళ్లు, పైగా ప్లైవుడ్ వెనక కంటికి కనపడకుండా. చెదలకు పండగ.

ఏసీ గది వైపు వేస్తే ఉల్టా అవుతుంది. చలి పిల్లర్‌లోకి రాకముందే ఆగుతుంది, కాంక్రీటు వెచ్చగా ఉంటుంది. ఏసీ 20 మీదే ఉన్నా మధ్య గది వైపు పిల్లర్ ముఖం 29.7 దాకా లేస్తుంది, అంటే పక్కనున్న ఇటుకతో సమానం. షీటుకీ కాంక్రీటుకీ మధ్య సుమారు 28. అదీ డ్యూ పాయింట్‌కు పైనే. అటు ఆవిరి కూడా 9 అంగుళాల కాంక్రీటు దాటి రావాలి, చాలా తక్కువ వస్తుంది. ఇదంతా బీరువా జరిపిన తర్వాతి మాట. దాన్ని మళ్లీ గోడకు ఆనించి పెడితే షీటు వెనక 27.3కి దిగుతుంది, అంటే అంచు మీద నడిచినట్టే.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. పడగ్గది వైపు పిల్లర్ మీద అంగుళం ఎక్స్‌పీఎస్ షీటు, మామూలు థర్మోకోల్ కంటే గట్టిది. వెనకంతా దువ్వెన కరణితో జిగురు పరిచి, సందు లేకుండా అంటించాలి. పిల్లర్ వెడల్పుకే ఆపకుండా రెండు పక్కలా అడుగు చొప్పున ఇటుక మీదికి పోవాలి. లేకపోతే చలి పక్క నుంచి చుట్టి వస్తుంది. పైన బీమ్‌కీ అంతే. మీద ఫైబర్ మెష్, పల్చటి పూత, మామూలు రంగు. వాల్‌పేపర్ వద్దు.

మాధవి_కావలి
అంత పని కాకుండా ఏసీ 25 మీద పెట్టి బీరువా జరిపితే సరిపోదా సార్? మా ఆయన్ని ఒప్పించడం నా వంతు.

ఉక్కపోత
చుక్కలు ఆగుతాయి. 25 మీద పెడితే బీరువా వెనక కూడా 28.3 ఉంటుంది. కానీ అక్కడ తేమ ఇంకా 93 శాతం. బూజు నిదానంగా అయినా వస్తుంది. బీరువా కూడా నాలుగు అంగుళాలు జరిపితే 29 దాటుతుంది, తేమ 89. గది గాలే 80 ఉన్నప్పుడు ఏ గోడనైనా అంతకంటే పొడిగా ఉంచడం కుదరదు. అందుకే పట్టుచీరలు మాత్రం ఆ గది నుంచి తీసేయండి.

పాతమేస్త్రి_కందుకూరు
నా ఇసుక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేల దగ్గర రేకు వెనక తడి వచ్చిందన్నారు కదా ఆమె.

ఉక్కపోత
మేస్త్రిగారూ, అక్కడ మీ మాటే నిజం కావచ్చు. ఉప్పుకు గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, తనంతట తాను నీళ్లు పీల్చి కరుగుతుంది. వానాకాలం ఉప్పు డబ్బాలో చూస్తాంగా. పూతలో ఉప్పుంటే ఎంత వెచ్చగా ఉంచినా ఆ చోటు తడిగానే ఉంటుంది. మాధవిగారూ, కింద అడుగు ఎత్తు వరకు తెల్లటి పొడి రాలుతోందా? ఏసీ వేయని రోజుల్లో కూడా తడి ఉంటుందా?

మాధవి_కావలి
పొడి ఉందండీ, చీపురుకు అంటుకుంటుంది. ఏసీ వేయని రోజులు మా ఇంట్లో లేవు కాబట్టి రెండోది చెప్పలేను.

పాతమేస్త్రి_కందుకూరు
అయితే ఆ అడుగు మేర పూత గీకించి, మంచినీటి ఇసుకతో మళ్లీ పూయించండి. కింద నుంచి చెమ్మ పైకి పాకుతోందా, ఇసుకలో ఉప్పా అన్నది గీకాక గానీ తెలియదు.

సుజాత_మైపాడు
మా తమ్ముడు ఒక రాత్రి ఏసీ ఆపాడు. పొద్దున టైల్స్ పొడిగా ఉన్నాయి. గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు కింద సీలింగుకి షీటు ఖర్చు ఎవరు పెట్టుకోవాలని కొత్త గొడవ.

మాధవి_కావలి
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. పడగ్గది వైపు షీటు అంటించి పూత వేయించాం. మేస్త్రి ముద్దలు పెట్టబోతే పక్కనే నిలబడి మొత్తం పరిపించాను. బీరువా వేరే గోడకు మార్చాం. ఏసీ 24 దగ్గర రాజీ కుదిరింది. పిల్లర్ మీద ఇప్పుడు చుక్కల్లేవు, తుడిచిన బూజు మళ్లీ రాలేదు. నేల దగ్గర పూత గీకించాం. ఆరబెట్టి ఉంచాం, ఇంకా పూయలేదు.

ఉక్కపోత
సంతోషం. ఒక్క సంగతి, ఇది నవంబరు. వానలు పడి రాత్రిళ్లు చల్లబడ్డాయి, డ్యూ పాయింట్ కూడా దిగింది. షీటు వేయకపోయినా ఈ నెలలో చుక్కలు రాకపోయి ఉండేవేమో. వచ్చే జూలైలో ఏదైనా ఉక్కపోత రాత్రి 4 గంటలకు మళ్లీ ఆ మూడు చోట్లా కొలిచి ఇక్కడ రాయండి.

మాధవి_కావలి
గన్ తిరిగి ఇచ్చేశాను సార్. జూలైకి మళ్లీ అడుగుతాను.